ఒక మిల్లీలీటరు పాలలో 18 లక్షలు: ఆ అంకె వెనకున్న లెక్క

పల్లెల్లో సేకరించిన పాలు శీతలీకరణ కేంద్రానికి చేరతాయి. అక్కడి పెద్ద ట్యాంకు నుంచి చిన్న సీసాలో తీసిన నమూనా ఐసుపెట్టెలో ల్యాబ్‌కు వెళ్తుంది. నాలుగైదు రోజులకు రిపోర్టు వస్తుంది. అందులో వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ లాంటివి పాడి రైతుకు కొత్త కాదు. పాల ధర తేలేది వాటి మీదే కాబట్టి, ఆ అంకెలు చూడగానే పాలు ఎలా ఉన్నాయో చెప్పేస్తాడు. తికమక పెట్టేది కింద ఉండే మరో వరుస. మొత్తం సూక్ష్మజీవుల సంఖ్య అని ఉంటుంది, దాని ఎదురుగా 1.8 × 10⁶ CFU/ml అని ఉంటుంది.

పది మీద ఆరు అంటే ఒకటి పక్కన ఆరు సున్నాలు, అంటే పది లక్షలు. దాన్ని 1.8తో గుణిస్తే 18 లక్షలు. ఒక్క మిల్లీలీటరు పాలలో, అంటే చెంచాలో ఐదో వంతులో, అన్ని బ్యాక్టీరియా ఉన్నాయని రిపోర్టు చెబుతోంది. ల్యాబ్‌లో ఎవరూ 18 లక్షలు లెక్కపెట్టలేదు. ఈ వ్యాసం కోసం తీసుకున్న ఉదాహరణలో అనలిస్ట్ కంటితో చూసి లెక్కపెట్టినవి 390 చుక్కలు మాత్రమే. ఆ 390 నుంచి 18 లక్షలకు వెళ్లిన దారిలో భాగహారాన్ని మించిన గణితం లేదు. కాకపోతే ఏ అంకెను దేనితో భాగించాలో తెలియాలి.

బ్యాక్టీరియా కంటికి ఆనదు. మైక్రోస్కోపు కింద పెడితే కనబడుతుంది కానీ, మామూలుగా చూసినప్పుడు బతికున్నదీ చచ్చినదీ ఒక్కలాగే ఉంటాయి. అందుకే పాతకాలపు శాస్త్రజ్ఞులు మరో మార్గం పట్టారు. బ్యాక్టీరియాను కదలకుండా ఒకచోట నిలిపి, తిండి పెట్టి, పెరగనివ్వడం. ఒక కణం రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ఇరవై సార్లు రెట్టింపయ్యేసరికి ఆ ఒక్క కణం సంతతి పది లక్షలు దాటుతుంది. కదిలే వీలు లేదు కాబట్టి అవన్నీ ఒకే చోట గుట్టపడి గుండుసూది తలంత చుక్కగా కనిపిస్తాయి. ఆ చుక్కనే కాలనీ అంటారు.

ఈ పద్ధతికి రూపం వచ్చింది జర్మనీలో, రాబర్ట్ కాఖ్ ప్రయోగశాలలో. 1880ల మొదట్లో అక్కడ గాజుపలక మీద జెలటిన్ పోసి బ్యాక్టీరియాను పెంచేవారు. ఎండాకాలం వస్తే జెలటిన్ కరిగి నీళ్లయ్యేది. ఆ ప్రయోగశాలలో పనిచేస్తున్న వాల్టర్ హెస్సేకు ఆయన భార్య ఫానీ హెస్సే వంటింటి నుంచి పరిష్కారం చూపించింది. తాను జెల్లీలు చేయడానికి వాడే అగర్‌ను వాడి చూడమంది. అది సముద్రపు నాచు నుంచి తీసేది. మన ఇళ్లలో మిఠాయిలు గడ్డకట్టడానికి వాడే చైనా గ్రాస్ కూడా అదే. మరిగించే వేడికి కరుగుతుంది, గోరువెచ్చగా అయ్యాక గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టాక మే నెల ఎండకు కూడా కరగదు. 1887లో అదే బృందంలోని యూలియస్ పెట్రి, మూత ఉన్న పల్చటి గాజు పళ్లెం తయారు చేశాడు. ఈ రోజుకీ ల్యాబుల్లో వాడేది పెట్రి ప్లేటూ అగరూ.

ఇక ఒక చిక్కు మిగిలింది. అరచేయి కన్నా కొంచెం వెడల్పయిన ఆ ప్లేటులో ఒక మిల్లీలీటరు పాలు నేరుగా పోస్తే ఏమవుతుంది? 18 లక్షల కణాలూ పెరగడానికి పోటీపడతాయి. ఒకదాన్ని ఒకటి తోసుకుని, అలుక్కుపోయి, ప్లేటంతా తెల్లటి పొరలా కమ్ముకుంటుంది. లెక్కపెట్టడానికి విడివిడి చుక్కలు ఉండవు. కాబట్టి పాలను పలుచన చేయాలి. ఎంత పలుచన చేశామో కచ్చితంగా తెలిసేలా చేయాలి. అంచెలంచెలుగా చేసే ఆ పనినే సీరియల్ డైల్యూషన్ అంటారు. పాలను అలా పలుచన చేస్తూ పోయి, చివరకు ఒక్క రకం బ్యాక్టీరియా మాత్రమే మిగిలేలా చేయడం 1878 నాటికే ఇంగ్లండులో శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టర్ చేసి చూపించాడు. పాలను పులియబెట్టే బ్యాక్టీరియాను ఆయన వేరు చేసింది ఆ దారిలోనే.

ల్యాబ్‌లో బల్ల మీద ఐదు గాజు గొట్టాలు వరుసగా ఉంటాయి. ఒక్కోదానిలో తొమ్మిది మిల్లీలీటర్ల శుద్ధి చేసిన ద్రవం ఉంటుంది. అది ఉట్టి నీరు కాదు. కొంచెం ఉప్పు, కొంచెం పెప్టోన్ కలిపినది. ఉట్టి నీళ్లలో వేస్తే కొన్ని బ్యాక్టీరియా తట్టుకోలేక చచ్చిపోవచ్చు, అప్పుడు లెక్క తగ్గిపోతుంది. అనలిస్ట్ ముందుగా పాలసీసాను పాతికసార్లు గట్టిగా ఊపుతుంది. ఆ తర్వాత ఒక మిల్లీలీటరు పాలను పిపెట్‌తో తీసి మొదటి గొట్టంలో వేస్తుంది. ఒకటీ తొమ్మిదీ కలిపితే పది. అంటే ఆ గొట్టంలోని ద్రవం ఒక మిల్లీలీటరు తీస్తే, అందులో అసలు పాలు పదో వంతే ఉంటాయి. దాన్ని బాగా కలిపి, కొత్త పిపెట్‌తో అందులోంచి ఒక మిల్లీలీటరు తీసి రెండో గొట్టంలో వేస్తుంది. అందులో పాలు నూరో వంతు. మూడోదానిలో వెయ్యో వంతు, నాలుగోదానిలో పదివేలో వంతు, ఐదోదానిలో లక్షో వంతు.

మొదటి గొట్టం నీళ్లు కలిపిన పాలలా తెల్లగా ఉంటుంది. నాలుగో గొట్టానికి వచ్చేసరికి మామూలు నీళ్లలా కనిపిస్తుంది. ల్యాబ్ పుస్తకంలో ఈ గొట్టాలకు 10⁻¹, 10⁻², 10⁻³ అని పేర్లు పెడతారు. పైనున్న ఆ చిన్న అంకెను చూసి కంగారుపడక్కర్లేదు. ఎన్నోసారి పదింతలు పలుచన చేశారో చెప్పే గుర్తు అది.

ఈ పాలలో ఎన్ని బ్యాక్టీరియా ఉన్నాయో అనలిస్ట్‌కు ముందుగా తెలియదు. తెలిస్తే ఈ పరీక్షే అక్కర్లేదు. కాబట్టి ఒక్క గొట్టాన్ని నమ్ముకోకుండా మూడు, నాలుగు, ఐదు గొట్టాల నుంచి ఒక్కో మిల్లీలీటరు చొప్పున, ఒక్కోదానికి రెండేసి ప్లేట్లలో వేస్తుంది. మొత్తం ఆరు ప్లేట్లు. ఒక్కోదానిలో 12 నుంచి 15 మిల్లీలీటర్ల కరిగిన అగర్ పోస్తుంది. బ్యాక్టీరియాకు కావలసిన తిండి అంతా ఆ అగర్‌లో ముందే కలిపి ఉంటుంది. అగర్ వేడి దాదాపు 45 డిగ్రీల దగ్గర ఉండాలి. అంతకన్నా బాగా వేడిగా పోస్తే లెక్కపెట్టాల్సిన బ్యాక్టీరియా అక్కడే చచ్చిపోతుంది. చల్లారాక పోస్తే ఉండలు కడుతుంది. ప్లేటును బల్ల మీదే మెల్లగా తిప్పి కలిపి, గడ్డకట్టాక తలకిందులు చేసి 30 డిగ్రీల వేడిలో 72 గంటలు ఉంచుతారు. తలకిందులు చేయడానికి కారణం ఉంది. మూత లోపల పట్టిన చెమట కాలనీల మీద కారితే అవి చెదిరి పాకిపోతాయి. మూడు రోజులు వేచి ఉండాల్సిందే. రిపోర్టు రావడానికి అన్నాళ్లు పట్టేది అందుకే.

మూడు రోజుల తర్వాత ప్లేట్లు తెరిచి చూస్తే ఉదాహరణలోని నమూనా ఇలా ఉంది. మూడో గొట్టం ప్లేట్లలో తెల్లచుక్కలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, వాటిని లెక్కపెట్టలేం. పుస్తకంలో ఆ మాటే రాసుకుంటారు. నాలుగో గొట్టం ప్లేట్లలో ఒకదానిలో 168, మరోదానిలో 184 కాలనీలున్నాయి. ఐదో గొట్టం ప్లేట్లలో 17, 21.

మొదట తేలిక లెక్క చూద్దాం. 168కీ 184కీ సగటు 176. ప్లేటులో పడింది పదివేలో వంతు మిల్లీలీటరు పాలు. అందులోనే 176 ఉంటే, పూర్తి మిల్లీలీటరులో పదివేల రెట్లు ఉంటాయి. 176 × 10,000 అంటే 17,60,000. రెండు అంకెలకు కుదిస్తే 18 లక్షలు.

మరి 17, 21 ఏం చేయాలి? పారేయాల్సిన పని లేదు. వాటిలోనూ సమాచారం ఉంది. కానీ చాలామంది విద్యార్థులు ఇక్కడ ఒక తప్పు చేస్తారు. ఐదో గొట్టం సగటు 19ని లక్షతో గుణించి 19 లక్షలు తెచ్చుకుని, దాన్ని 17.6 లక్షలతో కలిపి మళ్లీ సగటు తీస్తారు. అలా చేస్తే 38 చుక్కలు చూసిన ప్లేట్ల మాటకూ, 352 చుక్కలు చూసిన ప్లేట్ల మాటకూ ఒకే విలువ ఇచ్చినట్టు అవుతుంది. సరైన దారి ఇంకా తేలిక. నాలుగు ప్లేట్లలో కలిపి ఎన్ని కాలనీలు కనిపించాయో చూసుకోవాలి. ఆ నాలుగింటిలో కలిపి అసలు పాలు ఎంత పడ్డాయో చూసుకోవాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి.

కాలనీలు 168 + 184 + 17 + 21, మొత్తం 390. పాలు 0.0001 + 0.0001 + 0.00001 + 0.00001, మొత్తం 0.00022 మిల్లీలీటరు. 390ని 0.00022తో భాగిస్తే 17,72,727 వస్తుంది. అంతర్జాతీయ ప్రమాణంలో ఉన్న సూత్రం ఇదే లెక్కను గుర్తులతో చెబుతుంది:

```
N = ΣC / (V × (n1 + 0.1 × n2) × d)
N = 390 / (1 × (2 + 0.1 × 2) × 0.0001) = 1772727
```

పైన మొత్తం కాలనీలు. కింద V అంటే ప్లేటులో వేసిన పరిమాణం, n1, n2 అంటే రెండు అంచెల్లోని ప్లేట్ల సంఖ్య, d అంటే మొదటి అంచె పలుచన. ఆ కింది భాగమంతా కలిపి చూస్తే 0.00022 మిల్లీలీటరే. సూత్రం మరిచిపోయినా, ప్లేట్లలో పడిన పాలు ఎంత అన్న ప్రశ్న గుర్తుంటే జవాబు తప్పదు.

17,72,727 అని రిపోర్టులో రాయరు. చివరి ఐదు అంకెలకు ఏ ఆధారమూ లేదు. అదే పాలను ఇంకోసారి పరీక్షిస్తే 390కి బదులు 370 రావచ్చు, 410 రావచ్చు. బాగా కలిపిన ద్రవం నుంచి తీసినా ఏ మిల్లీలీటరులో ఎన్ని కణాలు పడతాయన్నది కొంత యాదృచ్ఛికమే. ఆ ఊగిసలాట ఎంతో అంచనా వేయడానికి ఒక సులువు ఉంది. లెక్కపెట్టిన సంఖ్యకు వర్గమూలం తీసి, దాన్ని రెట్టింపు చేయాలి. 390కి వర్గమూలం దాదాపు 20, రెట్టింపు 40. అంటే అసలు సంఖ్య 350కీ 430కీ మధ్య ఉండొచ్చు. పాల లెక్కలోకి మారిస్తే సుమారు 16 లక్షల నుంచి 19.5 లక్షల దాకా. ఇది యాదృచ్ఛికత వల్ల వచ్చే తేడా మాత్రమే. పిపెట్, చేతివాటం వల్ల వచ్చేది దీనికి అదనం. అందుకే రెండు అంకెలకు కుదించి 1.8 × 10⁶ అని రాస్తారు. అదే నిజాయతీ గల రాత.

కాలనీలు మరీ తక్కువ ఉన్న ప్లేటును ఒంటరిగా నమ్మకపోవడానికి కారణం కూడా ఈ వర్గమూలమే. ప్లేటులో తొమ్మిదే ఉంటే వర్గమూలం మూడు, రెట్టింపు ఆరు. అసలు సంఖ్య మూడైనా కావచ్చు, పదిహేనైనా కావచ్చు. మరీ ఎక్కువైతే ఇంకో ఇబ్బంది. పక్కపక్కన పడినవి ఒకటిగా కలిసిపోతాయి, తిండి చాలక కొన్ని కంటికి కనిపించేంత పెరగవు. అందుకే చాలా ల్యాబులు 30 నుంచి 300 లేదా 25 నుంచి 250 కాలనీలున్న ప్లేట్లను లెక్కకు యోగ్యమైనవిగా తీసుకుంటాయి.

లెక్క సరిగా చేసినా, గొట్టాల దగ్గరే తప్పు జరిగితే ఫలితం మొత్తం పోతుంది. అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది తొమ్మిది మిల్లీలీటర్లకు బదులు పది పోయడం. చూడ్డానికి చిన్న తేడా. కానీ ఒకటికి పది కలిపితే పదకొండు అవుతుంది. ప్రతి అంచెలోనూ పదింతలనుకున్నది పదకొండింతలు పలుచనవుతుంది. నాలుగు అంచెలు దాటేసరికి అసలు పలుచన 10,000 కాదు, 14,641. రిపోర్టులో 18 లక్షలని వస్తే పాలలో నిజంగా ఉన్నవి 26 లక్షల పైచిలుకు. గొట్టాన్ని ఆటోక్లేవ్‌లో శుద్ధి చేసేటప్పుడు నీరు కొంత ఆవిరైపోతే తప్పు రెండో వైపు నుంచి వస్తుంది.

మరో పెద్ద తప్పు ప్లేటులో వేసిన పరిమాణాన్ని మరిచిపోవడం. కొన్ని ల్యాబులు అగర్‌ను ముందే గడ్డకట్టించి, దాని మీద 0.1 మిల్లీలీటరు మాత్రమే వేసి గాజుకడ్డీతో పరుస్తాయి. అప్పుడు ప్లేటు మీద పడింది పదో వంతే కాబట్టి సంఖ్యను ఇంకో పదితో గుణించాలి. అది మరిచిపోతే 18 లక్షలు కాస్తా 1.8 లక్షలుగా రిపోర్టులోకి ఎక్కుతుంది. ఇదే సూత్రం ఆస్పత్రిలో చేసే యూరిన్ కల్చర్‌లోనూ ఉంది. అక్కడ అంచెలంచెల పలుచన ఉండదు. 0.001 మిల్లీలీటరు మాత్రమే పట్టే చిన్న తీగ ఉంగరంతో మూత్రాన్ని ప్లేటు మీద గీస్తారు. 120 కాలనీలు కనిపిస్తే వెయ్యితో గుణించి 1.2 లక్షలని రాస్తారు.

ఈ తప్పుల్లో కొన్నిటిని ప్లేట్లే పట్టిస్తాయి. ఉదాహరణలోని నాలుగో అంచె మొత్తం 352, ఐదో అంచె మొత్తం 38. తొమ్మిది రెట్లకు పైగా తేడా ఉంది. పదిరెట్లు ఉండాల్సిన చోట ఇది మంచి ఫలితమే. అదే 352కీ 120కీ మధ్య అయితే అనుమానించాలి. ఒకే పిపెట్‌తో రెండు గొట్టాలు ముట్టి ఉండొచ్చు, వెనకటి గొట్టపు బ్యాక్టీరియా ముందుకు వచ్చి ఉండొచ్చు. ఇంకో విచిత్రం కూడా ఎదురవుతుంది. పాలు ఎక్కువ ఉన్న ప్లేటులో కాలనీలు తక్కువగా, పలుచనైన ప్లేటులో ఎక్కువగా కనిపిస్తాయి. లేబుళ్లు తారుమారు కాలేదని తేలితే, పాలలో బ్యాక్టీరియాను అణిచే పదార్థం ఉందేమో చూడాలి. పొదుగువాపు వచ్చిన గేదెకు యాంటీబయాటిక్ వేసి, వ్యవధి ముగియకముందే పాలు పోస్తే ఇలా జరగొచ్చు. పలుచన చేసేకొద్దీ మందు కూడా పలుచనై, బ్యాక్టీరియాకు ఊపిరి ఆడుతుంది. పాలు వేయకుండా ఉట్టి ద్రవమూ అగరూ పోసిన ప్లేటు కూడా పక్కన ఒకటి ఉంచుతారు. దానిలో కాలనీ కనిపిస్తే ఆ రోజు ఫలితాలన్నీ మళ్లీ చూసుకోవాల్సిందే.

రిపోర్టులో కొన్నిసార్లు < 10 అని కూడా కనిపిస్తుంది. దాన్ని సున్నా అనుకోవడం తప్పు. పదో వంతు పలుచన నుంచి ఒక మిల్లీలీటరు వేస్తే ప్లేటులో పడింది 0.1 మిల్లీలీటరు పాలే. ఒక్క కాలనీ కూడా రాలేదంటే, ఆ 0.1 మిల్లీలీటరులో ఒకటి కన్నా తక్కువ అని అర్థం. ఒకటిని 0.1తో భాగిస్తే పది. కాబట్టి మిల్లీలీటరుకు పదిలోపు అని మాత్రమే చెప్పగలరు. అంతకన్నా లోతుగా చూడలేదు గనక అంతకన్నా ఎక్కువ చెప్పరు.

సీఎఫ్‌యూ అన్న మాటలోనూ ఇదే జాగ్రత్త ఉంది. కాలనీ కట్టగలిగే ఒక ప్రమాణం అని దానర్థం. కొన్ని బ్యాక్టీరియా ద్రాక్షగుత్తిలా, కొన్ని గొలుసులా అతుక్కుని ఉంటాయి. ఇరవై కణాల గుత్తి అగర్‌లో ఒకేచోట పడితే వచ్చేది ఒక్క కాలనీ. గాలి తగిలితే బతకలేనివి ఈ ప్లేటులో పెరగనే పెరగవు. కాబట్టి పాలలో ఉన్న మొత్తం కణాలు 18 లక్షల కన్నా ఎక్కువే. వాటిలో పెరుగును తోడుపెట్టేవి ఎన్ని, జబ్బు చేసేవి ఎన్ని అన్నది కూడా ఈ పరీక్ష చెప్పదు. దానికి వేరే పరీక్షలున్నాయి. ఈ సంఖ్య చెప్పేది ఒక్కటే. పిండినప్పటి నుంచి ట్యాంకు చేరేదాకా పాత్రల శుభ్రత ఎలా ఉంది, పాలు ఎంత త్వరగా చల్లబడ్డాయి అన్నది.

ఆ లెక్కన మన నమూనా ఎక్కడుంది? భారతీయ ప్రమాణాల వర్గీకరణలో మిల్లీలీటరుకు రెండు లక్షలలోపు ఉన్న పచ్చిపాలు చాలా మంచివి. పది లక్షల దాకా మంచివి, యాభై లక్షల దాకా ఒక మోస్తరు, ఆపైన నాసిరకం. 18 లక్షల పాలు ఒక మోస్తరు వర్గంలోకి వస్తాయి. 16 లక్షలైనా 19.5 లక్షలైనా వర్గం మారదు కాబట్టి ఈ రిపోర్టు విషయంలో వాదించడానికి ఏమీ లేదు. హద్దు పక్కన పడిన సంఖ్య అయితే వాదనకు తావుంటుంది. పాశ్చరైజ్ చేసిన పాలకు మన ఆహార భద్రతా ప్రమాణం ఒక్క నమూనా మీద తీర్పు చెప్పకపోవడం అందుకే. ఐదు నమూనాలు పరీక్షించి, వాటిలో రెండు 30,000కూ 50,000కూ మధ్య ఉన్నా ఒప్పుకుంటుంది. ఒక్కటి 50,000 దాటినా ఒప్పుకోదు.

లెక్క అయ్యాక ప్లేట్లను 121 డిగ్రీల ఆవిరిలో ఉడికించి పారేస్తారు. ల్యాబ్ పుస్తకంలో మిగిలేవి 168, 184, 17, 21 అన్న నాలుగు అంకెలు, వాటి పక్కన పలుచన అంచె, ప్లేటులో వేసిన పరిమాణం. మీ పాలకో, మీ ఊరి నీళ్లకో ఇలాంటి రిపోర్టు వచ్చి, అందులోని సంఖ్య మీద అనుమానం కలిగితే ల్యాబ్‌ను ఆ వరుస చూపించమని అడగండి. కాలనీల మొత్తాన్ని ప్లేట్లలో పడిన నమూనా పరిమాణంతో మీరే భాగించి చూసుకోండి.